నాలుగు నెలల లాభం 66 లక్షలు, జీతాలకు మాత్రం డబ్బు లేదు

ఒక చిన్న తయారీ కంపెనీ యజమానురాలు ఫోన్ చేసింది నెల 3వ తేదీ సాయంత్రం. "ఈ నెల 7న జీతాలు ఎలా ఇవ్వాలో తెలియడం లేదు. అమ్మకాలు ఎప్పుడూ లేనంత బాగున్నాయి. లాభం ఉందని అకౌంటెంట్ గారు చూపిస్తున్నారు. మరి డబ్బు ఎటు పోతోంది? ఎవరైనా తీసేస్తున్నారా?"

చివరి ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. పుస్తకంలో లాభం కనిపిస్తూ ఖాతా ఖాళీ అవుతుంటే మనిషికి ముందు వచ్చే అనుమానం దొంగతనమే. ఆ అనుమానంతో పదేళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న వాళ్లను దూరం చేసుకున్న యజమానులను చూశాను. అందుకే మొదటి రోజే ఆవిడతో ఒక మాట అన్నాను: "ముందు డబ్బు ఎక్కడ ఆగిందో చూద్దాం. ఎవరు తీశారన్నది ఆ తర్వాత." మూడు రోజుల్లో లెక్క తేలింది. ఎవరూ పైసా తీయలేదు. డబ్బంతా కంపెనీలోనే ఉంది, కాకపోతే డబ్బు రూపంలో లేదు.

కంపెనీ ఏదో తెలియకుండా అంకెలను కాస్త గుండ్రం చేశాను. లెక్క నడిచిన తీరు మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. అంకెలన్నీ లక్షల్లో.

కంపెనీ ఎలా ఉండేది

యంత్రాల తయారీదారులకు రేకు పెట్టెలు చేసి ఇచ్చే కంపెనీ ఇది. కంట్రోల్ ప్యానెళ్లకు పైన ఉండే క్యాబినెట్ల లాంటివి. నెలకు 100 లక్షల అమ్మకం. అందులో ముడిసరుకు 60, కార్మికుల కూలి 15, మిగతా ఖర్చులు వడ్డీతో కలిపి 13. మిగిలే లాభం 12. ఆ 12 లోంచి పన్నుకు నెలకు సగటున 3, పాత యంత్రం అప్పు వాయిదాకు 4 పోతాయి. అంటే నెల తిరిగేసరికి నిజంగా చేతిలో మిగిలేది 5. (తరుగుదల చిన్నది, దాన్ని పక్కన పెట్టాను.)

ఇది నడవడానికి ఎప్పుడూ కొంత డబ్బు లోపల ఇరుక్కుని ఉండాలి. కస్టమర్లు 60 రోజులకు ఇస్తారు కాబట్టి ఏ రోజు చూసినా బయట 200 లక్షల బాకీ ఉంటుంది. రేకులు, సగం పూర్తయిన పెట్టెలు, పంపడానికి సిద్ధమైనవి అన్నీ కలిపి లోపల 150 లక్షల స్టాక్ ఉంటుంది. సప్లయర్లు 30 రోజుల అరువిస్తారు కాబట్టి 60 లక్షలు వాళ్ల డబ్బు మన దగ్గర ఉంటుంది. 200కు 150 కలిపి 60 తీసేస్తే 290. దీన్నే వర్కింగ్ క్యాపిటల్ అంటాం. బయట జనం "రొటేషన్ డబ్బు" అనేది దీన్నే, ఆ మాటే నాకు ఎక్కువ ఇష్టం. ఈ డబ్బు తిరుగుతూ ఉంటుంది కానీ ఎప్పటికీ చేతికి రాదు. వ్యాపారం నడుస్తున్నంత కాలం 290 లక్షలు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే.

ఏళ్ల తరబడి అమ్మకం 100 దగ్గరే నిలకడగా ఉంది కాబట్టి ఈ 290 కూడా కదల్లేదు. కదలని దాన్ని ఎవరూ గమనించరు. కొత్త స్టాక్ కొనడానికి పాత బాకీ వసూలు సరిపోయేది. లాభానికీ చేతిలో డబ్బుకూ పెద్ద తేడా కనిపించేది కాదు. పది, పన్నెండేళ్లు ఇలా గడిస్తే లాభమంటే డబ్బే అని ఎవరైనా అనుకుంటారు.

కొత్త ఆర్డర్

ఒక పెద్ద తయారీదారు నుంచి నెలకు 60 లక్షల ఆర్డర్ వచ్చింది. చెల్లింపు గడువు 90 రోజులు. దీనికి ముడిసరుకు 36, కూలి, అదనపు ఖర్చులు కలిపి 15. లాభం 9, అంటే 15 శాతం. పాత వ్యాపారంలో మిగిలేది 12 శాతమే. లాభం చూసినా, పేరు చూసినా కాదనడానికి కారణం లేదు. ఆవిడ ఒప్పుకోవడంలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. ఆర్డర్‌కు ఎంత లాభం అని లెక్క వేశారు, ఎంత డబ్బు కావాలి అని వేయలేదు. లోపం అంతవరకే.

అప్పటికి ఖాతాలో 40 ఉంది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి 120లో 70 వాడేశారు, ఇంకా 50 తీసుకోవచ్చు. రెండూ కలిపి 90 లక్షల ఆసరా. నెలకు 12 లాభం వచ్చే కంపెనీకి అది బోలెడన్ని రోజులకు సరిపోతుందని అందరూ అనుకున్నారు.

ఆర్డర్ వైపు నుంచి డబ్బు ఎలా నడిచిందో నెలవారీగా చూద్దాం. మొదటి నెలలో రేకు కొన్నారు. 30 రోజుల అరువు కాబట్టి ఆ నెల పైసా బయటికి పోలేదు. రెండో నెలలో ఆ రేకుకు 36 కట్టారు, తయారీ మొదలైంది కాబట్టి కూలీ, ఖర్చులూ 15. మొత్తం 51 పోయింది, సరుకు ఇంకా గేటు దాటలేదు. మూడో నెలలో మొదటి 60 లక్షల సరుకు వెళ్లింది. ఇన్వాయిస్ రాసిన రోజే లాభనష్టాల ఖాతాలో 60 అమ్మకం, 9 లాభం పడ్డాయి. కానీ అదే నెల తర్వాతి సరుకు కోసం ఇంకో 51 పోయింది. నాలుగో నెలలో మరో 51, ఐదో నెలలో మరో 51. మూడో నెల ఇన్వాయిస్‌కు 90 రోజులు నిండి మొదటి డబ్బు రావడం ఆరో నెల మాట.

అంటే ఈ ఆర్డర్ నుంచి ఒక్క పైసా తిరిగి రాకముందే నాలుగు సార్లు 51, మొత్తం 204 లక్షలు బయటికి వెళ్లాలి. ఉన్న ఆసరా 90. పాత వ్యాపారం నెలకు 5 చొప్పున కలుపుతుంది.

| నెల | ఆర్డర్ కోసం పోయింది | పాత వ్యాపారం ఇచ్చింది | మిగిలిన ఆసరా | ఆ నెల లాభం |
|---|---|---|---|---|
| 1 | 0 | 5 | 95 | 12 |
| 2 | 51 | 5 | 49 | 12 |
| 3 | 51 | 5 | 3 | 21 |
| 4 | 51 | 5 | −43 | 21 |
| 5 | 51 | 5 | −89 | 21 |

ఈ పట్టికను ఆవిడ ముందు పెట్టినప్పుడు ఆవిడ చివరి రెండు నిలువు వరుసలను చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. లాభం 12 నుంచి 21కి ఎక్కిన నెలలోనే ఆసరా 3కు దిగింది. నాకు ఫోన్ వచ్చింది సరిగ్గా ఆ మూడో నెల ముగిసి నాలుగో నెల మొదలైన మూడో రోజున.

మరి ఆ లాభం ఎక్కడుంది?

ఆవిడ అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు ఇవ్వకుండా ముందుకు పోకూడదనిపించింది. అందుకే ఏమీ మార్చకపోతే నాలుగో నెలాఖరుకు లెక్క ఎలా ఉంటుందో కాగితం మీద వేసి చూపించాను.

నాలుగు నెలల లాభం: పాత వ్యాపారం మీద 48, కొత్త ఆర్డర్ మీద మూడు, నాలుగు నెలలవి కలిపి 18. మొత్తం 66. అందులో పన్నుకు 12, అప్పు వాయిదాలకు 16 పోతే 38 మిగలాలి. అంటే 90గా ఉన్న ఆసరా 128 కావాలి. కానీ అది −43 అవుతుంది. తేడా 171.

ఆ 171 ఇదిగో ఇక్కడ ఉంది. కొత్త కస్టమర్ దగ్గర రెండు నెలల ఇన్వాయిస్‌లు 120. రాబోయే రెండు నెలల సరుకు కోసం కొన్న రేకు 72. ఐదో నెల సరుకుకు అప్పటికే పెట్టిన కూలీ, ఖర్చులూ 15. మొత్తం 207. అందులో సప్లయర్‌కు ఇంకా కట్టని 36 తీసేస్తే 171. పైసాతో సహా సరిపోయింది.

ఈ సరిపోవడం నాకు ముఖ్యం. యజమాని మనసులో దొంగతనం భయం ఉన్నప్పుడు "వర్కింగ్ క్యాపిటల్ పెరిగింది మేడమ్" అని నోటిమాటగా చెబితే ఆ భయం పోదు. పోయిన ప్రతి లక్షనూ వేలు పెట్టి చూపించాలి: ఇది ఈ ఇన్వాయిస్, ఇది ఆ షెడ్డులో రేకు, ఇది వాళ్లకు మనం బాకీ. ఒకవేళ లెక్క సరిపోకుండా పెద్ద మొత్తం మిగిలిపోతే, అప్పుడు నిజంగానే అనుమానించాలి. లేని స్టాక్‌ను ఉన్నట్టు రాయడం, రాని బాకీని వచ్చేదిగా చూపడం, ఇలాంటివి బయటపడేది అక్కడే.

లాభాన్ని ఇన్వాయిస్ రాసిన రోజున లెక్కిస్తాం, డబ్బును చేతికొచ్చిన రోజున లెక్కిస్తాం. వాటి మధ్య దూరం ఈ ఆర్డర్‌లో 90 రోజులు. ఖర్చు మాత్రం ఇన్వాయిస్‌కు నెల ముందే పోతుంది. కాబట్టి అమ్మకం పెరిగినప్పుడల్లా ఖర్చు ముందు పెరుగుతుంది, వసూలు ఆ తర్వాత ఎప్పటికో పెరుగుతుంది. పెరుగుదల ఎంత వేగంగా ఉంటే మధ్యలో అంత పెద్ద గొయ్యి పడుతుంది.

ఇది చిన్న కంపెనీల సమస్య మాత్రమే కాదు. అమెరికాలో వెయ్యికి పైగా దుకాణాలున్న డబ్ల్యు.టి. గ్రాంట్ అనే సంస్థ 1975 అక్టోబరులో దివాలా రక్షణ కోరింది. అంతకు దాదాపు రెండేళ్ల ముందు వరకూ అది లాభాలే చూపిస్తూ వచ్చింది. తర్వాత పరిశోధకులు దాని పాత లెక్కలు తిరగేసి చూస్తే, పతనానికి ముందు దాదాపు దశాబ్దం పాటు వ్యాపారం నుంచి చేతికి వచ్చిన నగదు చాలా ఏళ్లలో సున్నా కన్నా తక్కువ ఉందని తేలింది. కొనుగోలుదారులకు ఇచ్చిన అరువు, దుకాణాల్లో సరుకు పేరుకుపోతూ వచ్చాయి. ఇప్పుడు మనం చూసే నగదు ప్రవాహ పట్టికను అక్కడ తప్పనిసరి చేసింది 1987లో. ఆ పట్టికలో మొదటి భాగం నేను ఆవిడకు కాగితం మీద వేసి చూపించిన లెక్క లాంటిదే: లాభంతో మొదలుపెట్టి, బాకీలు, స్టాక్ ఎంత పెరిగాయో తీసేసి, సప్లయర్ల అరువు ఎంత పెరిగిందో కలపడం.

7వ తేదీ గడవడం

ఆ వారంలో జీతాలకు 26 కావాలి. రేకు నెలకు రెండు లాట్లుగా కొంటారు, 5వ తేదీన ఒక లాటుకు 18 కట్టాలి. ఖాతాలో 3 ఉంది, పాత కస్టమర్ల నుంచి ఆ వారం రావాల్సింది 25. కావాల్సింది 44, ఉన్నది 28.

ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఏమిటంటే సప్లయర్ ఫోన్ ఎత్తకపోవడం. అంతకు మించిన పొరపాటు లేదు. గడువు దాటాక మౌనంగా ఉన్న కంపెనీకి మరుసటి లాటు అరువు మీద రాదు, నగదు పెడితేనే వస్తుంది. అప్పుడు గొయ్యి ఒక్కసారిగా ఇంకో నెల ముడిసరుకు అంత లోతు అవుతుంది. ఆవిడ నా ఎదుటే 4వ తేదీ ఉదయం ఫోన్ చేశారు. "ఎల్లుండి కాదు, రేపే మీకు 18 ఇవ్వాలి. ఇవ్వలేను. కొత్త ఆర్డర్ డబ్బు 90 రోజులకు వస్తోంది, దానికి కొనే రేకు వరకు నాకు 45 రోజుల గడువు కావాలి. పాత కొనుగోళ్లకు 30 రోజులే, అందులో మార్పు లేదు. ఈ 18 ఇరవయ్యో తేదీన వస్తుంది." సప్లయర్ ఆయన కాసేపు ఆలోచించి, ఆర్డర్ కాపీ చూపించమన్నాడు. చూశాక ఒప్పుకున్నాడు. ఆయనకూ ఆ ఆర్డర్ వల్ల నెలకు 36 లక్షల వ్యాపారం పెరిగింది మరి. 20న చెప్పిన మాట ప్రకారం డబ్బు కట్టారు.

జీతాలు 7నే వెళ్లాయి. ఖాతాలో 2 మిగిలింది. ఈ 15 రోజుల గడువు వల్ల శాశ్వతంగా సగం నెల కొనుగోళ్లు, అంటే 18 లక్షలు, మనవైపు నిలిచాయి.

బాకీల్లో దొరికింది

ఇప్పుడు ఐదో నెలాఖరుకు రాబోయే 89 గొయ్యి సంగతి. 18 పూడింది. మిగతాది బాకీల్లో, స్టాక్‌లో వెతకాలి. నేను మొదట అడిగేది బాకీల వయసు జాబితా: ఏ ఇన్వాయిస్ ఎన్ని రోజులుగా ఉంది అని.

అకౌంటెంట్ గారు "మన సగటు 60 రోజులండీ, ఎప్పుడూ అంతే" అన్నారు. సగటు నిజమే. కానీ విడదీసి చూస్తే కస్టమర్లు ఎక్కువమంది 50 రోజులు దాటీదాటగానే ఇచ్చేస్తున్నారు. 200లో 28 లక్షలు మాత్రం నాలుగు నెలలు దాటి అలాగే పడున్నాయి. సగటు చూసినంత కాలం ఆ 28 కనిపించదు.

అందులో ఒక ఇన్వాయిస్ గురించి చెబుతాను. 610 పెట్టెలు, ఒక్కోటి 1,475 చొప్పున, సుమారు 9 లక్షలు. ఐదు నెలలుగా రాలేదు. "అడిగితే ప్రాసెస్‌లో ఉందంటున్నారు" అని ఫైల్లో రాసుంది. నేను ఆవిడతో పాటు కస్టమర్ ఆఫీసులో చెల్లింపులు చూసే అమ్మాయికి నేరుగా ఫోన్ చేశాను. ఆ అమ్మాయి స్క్రీన్ చూసి చెప్పింది: "మా పర్చేజ్ ఆర్డర్‌లో ధర 1,450 ఉందండి. మీ ఇన్వాయిస్‌లో 1,475. ధర కలవకపోతే సిస్టమ్ ఆపేస్తుంది. మీకు మెయిల్ కూడా వెళ్లింది." ఆ మెయిల్ ఉద్యోగం మానేసిన ఒక సేల్స్ కుర్రాడి పేరు మీద వెళ్లింది. పెట్టెకు 25 తేడా, మొత్తం మీద 15,250. ఆ 15 వేల కోసం 9 లక్షలు ఐదు నెలలు ఆగిపోయాయి. ఆ తేడాకు క్రెడిట్ నోట్ రాసి పంపారు. పన్నెండో రోజున డబ్బు పడింది.

మిగతావీ దాదాపు ఇలాంటివే. డ్రైవర్ తెచ్చిన చలాన్ మీద అవతలివాళ్ల ముద్ర లేదు, సరుకు ముట్టినట్టు రుజువు లేదు. ఒక లాట్‌లో నాలుగు పెట్టెలు సొట్టపోయాయి, ఆ నాలుగింటి కోసం మొత్తం బిల్లు ఆగింది. కస్టమర్ దగ్గర డబ్బు లేక ఆగింది ఒక్కటే, 6 లక్షలు, దాని మీద ఆశ తక్కువే. నా అనుభవంలో నిలిచిపోయిన బాకీల్లో చాలావాటికి కారణం అవతలివాడి దుర్బుద్ధి కాదు, మనం పంపిన కాగితంలో ఏదో కలవకపోవడం. కాబట్టి "ఎప్పుడిస్తారు?" అని అడిగితే "త్వరలో" అనే జవాబే వస్తుంది. "ఈ ఇన్వాయిస్ మీ సిస్టమ్‌లో ఏ స్థితిలో ఉంది, ఆమోదం అయిందా?" అని అడగాలి. అదీ గడువు తీరాక కాదు, సరుకు ముట్టిన వారంలోపే. ఐదు వారాల్లో 28లో 19 వచ్చింది.

కొత్త కస్టమర్ విషయంలో ఇంకో సంగతి బయటపడింది. ఒప్పందం తీసి చదివితే 90 రోజులు ఇన్వాయిస్ తేదీ నుంచి కాదు, వాళ్ల తనిఖీ విభాగం సంతకం పెట్టిన తేదీ నుంచి. 3న బయల్దేరిన సరుకు 5న వాళ్ల గేటు చేరింది, తనిఖీ కాగితం మీద 12న సంతకం పడింది. గడువు అక్కడి నుంచి మొదలు. పైగా వాళ్లు చెల్లింపులు నెలకు రెండు రోజులే చేస్తారు. మధ్యలో గడువు తీరిన బిల్లు తర్వాతి విడత దాకా ఆగుతుంది. కాగితం మీది 90 రోజులు నిజానికి 100 దాటుతుంది. ఆర్డర్ పుచ్చుకునేటప్పుడు చాలామంది ఎన్ని రోజులు అని అడుగుతారు, ఎప్పటి నుంచి లెక్క అని అడగరు.

స్టాక్, ఒక డిస్కౌంట్

షెడ్డు వెనక ఒక మందం రేకు 22 లక్షలది, కట్టలు విప్పకుండా ఉంది. ఏడు నెలల కిందట 3 శాతం డిస్కౌంట్ వస్తుందని పెద్ద మొత్తంలో కొన్నారు. ఆ మందం వాడే కస్టమర్ డిజైన్ మార్చేశాడు. డిస్కౌంట్ వల్ల మిగిలింది 66 వేలు. ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ నెలకు 1 శాతం లెక్కన ఏడు నెలలకు లక్షన్నర పైనే అయింది. కొనుగోళ్లు చూసే ఆయన తన వంతు పని బాగానే చేశానని నమ్మాడు, ఎందుకంటే ఆయన్ని ఏ రోజూ ధర గురించే అడిగారు, ఆ సరుకు ఎన్నాళ్లు పడుంటుందో అడగలేదు. ప్రొడక్షన్ ఇన్‌చార్జి కూర్చుని, ఏ పెట్టెల లోపలి ప్లేట్లకు ఆ రేకు వాడొచ్చో జాబితా రాశాడు. కొత్త రేకు కొనడం ఆ మేరకు తగ్గించి రెండు నెలల్లో 12 లక్షలు వెనక్కి తెచ్చారు. మిగిలిన 10 నెమ్మదిగా పోవాల్సిందే.

మిగిలిన 40

19, 12, 18 కలిపితే 49. గొయ్యి 89. ఇంకా 40 కావాలి. బ్యాంకు పరిమితి పెంచమని అడిగారు, పెంచుతామన్నారు కూడా, కానీ కాగితాలకు రెండు నెలలు పడుతుంది. ఒక మాట ఇక్కడ చెప్పాలి. బ్యాంకులు మామూలుగా బాకీల మీద అప్పిచ్చేటప్పుడు బాగా పాతబడిన వాటిని లెక్కలోంచి తీసేస్తాయి. కాబట్టి బాకీలు ముదిరేకొద్దీ, డబ్బు అవసరం పెరిగిన సరిగ్గా అదే సమయంలో, బ్యాంకు ఇచ్చేది తగ్గుతుంది. కష్టం వచ్చాక బ్యాంకుకు వెళ్లడం ఆలస్యమే. ఆర్డర్ చేతికొచ్చిన రోజున, పట్టిక పట్టుకుని వెళ్లాలి.

చివరికి కొత్త కస్టమర్ దగ్గరికే వెళ్లాం. అడ్వాన్స్ అడిగితే కుదరదన్నారు. నెలవారీ ఇన్వాయిస్‌లలో సగానికి, అంటే 30 లక్షలకు, 45 రోజుల్లో ఇస్తే 2 శాతం తగ్గిస్తామని చెప్పాం. వాళ్ల దగ్గర డబ్బు నిండుగా ఉంది, ఒప్పుకున్నారు. అప్పటికే పంపిన ఇన్వాయిస్‌లకూ వర్తింపజేశారు.

దీని ఖరీదు లెక్కించే అడుగేశాం. 98 తీసుకోవడానికి 2 వదులుకోవడం, 45 రోజుల ముందు డబ్బు కోసం. ఏడాదికి లెక్కిస్తే సుమారు 16.5 శాతం వడ్డీ. బ్యాంకు వడ్డీ 12. కాబట్టి ఇది ఖరీదైన డబ్బే. అయినా నెలకు 60 వేలు వదులుకుంటే 45 లక్షలు లోపలికి వస్తాయి, ఆర్డర్ మీద లాభం 9 నుంచి 8.4కు తగ్గుతుంది. బ్యాంకు పరిమితి పెరిగే దాకా ఇది న్యాయమైన బేరం. బ్యాంకు డబ్బు వచ్చాక కూడా అలాగే కొనసాగిస్తే మాత్రం దండగ. అంత లాభం లేని ఆర్డర్ అయితే మొదటి నుంచీ ఈ దారి పట్టకూడదు.

ఐదో నెలాఖరుకు కూడదీసింది 94. డిస్కౌంట్లు పోగా, గొయ్యి పూడ్చాక చేతిలో 4 లక్షలు మిగిలాయి. ఆరో నెలలో 90 రోజుల వాటా మొదటి చెల్లింపు 11 రోజులు ఆలస్యంగా వచ్చింది. తనిఖీ సంతకం, రెండు విడతల పద్ధతి కలిసి చేసిన పని అది. ముందే తెలుసు కాబట్టి పట్టికలో ఆ చెల్లింపును ఆలస్యంగానే రాసుకున్నాం, ఎవరూ కంగారు పడలేదు.

ఎంత వేగంగా పెరగొచ్చు

అన్నీ సర్దుకున్నాక ఆవిడ అడిగారు: "అయితే నేనెంత వరకు పెరగొచ్చు?" దీనికి ముతక లెక్క ఒకటుంది. మొదట అనుకున్న షరతులతో ఈ ఆర్డర్ పూర్తిగా నిలదొక్కుకునేసరికి లోపల ఇరుక్కునేది: మూడు నెలల బాకీ 180, స్టాక్ 87, తీసేయాల్సిన సప్లయర్ అరువు 36. మొత్తం 231. ఆర్డర్ ఏడాదికి 720 లక్షలు. అంటే ఏడాది అమ్మకంలో నూటికి 32 లోపలే ఉండిపోవాలి. పాత వ్యాపారంలో ఇది నూటికి 24. (231 ఇరుక్కుంటే బయటికి పోయింది 204 ఏమిటని అడగొచ్చు. మధ్యలో ఉన్న 27 మూడు నెలల లాభం. ఆ లాభం కూడా బాకీ రూపంలోనే ఉంది.)

కంపెనీ ఏడాదికి సొంతంగా మిగుల్చుకునేది 60. నూటికి 32 చొప్పున ఇరుక్కునే వ్యాపారాన్ని ఆ 60తో ఏడాదిలో సుమారు 190 లక్షల మేర పెంచుకోవచ్చు, నెలకు 16 లెక్కన. వీళ్లు ఒక్కసారిగా నెలకు 60 పెంచారు. ఆ తేడా బయటి నుంచి రావాలి: బ్యాంకు, సప్లయర్, కస్టమర్ లేదా సొంత పెట్టుబడి. ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే, ఎవరన్నది ముందే తేల్చుకోవాలి.

ఈ లెక్క అన్ని వ్యాపారాలకూ ఇలాగే ఉండదు. కస్టమర్ ముందే డబ్బు కట్టి, సప్లయర్‌కు తర్వాత ఇచ్చే వ్యాపారాల్లో ఇది తిరగబడుతుంది. చందా ముందే తీసుకునేవాళ్లకు, నగదుకు అమ్మి అరువుకు కొనే పెద్ద దుకాణాలకు అమ్మకం పెరిగితే డబ్బు వచ్చి పడుతుంది. వాళ్లకు ప్రమాదం అమ్మకం తగ్గినప్పుడు. కొత్త డబ్బు ఆగిపోయి, పాత బాకీలు కట్టాల్సి వస్తుంది. అక్కడ చేతిలో డబ్బు ఎక్కువ ఉందని లాభం ఉందనుకుంటారు, అదీ పొరపాటే.

ఇప్పుడు ఆ కంపెనీలో ప్రతి సోమవారం 13 వారాల పట్టిక తయారవుతుంది. ఏ వారం ఎవరి నుంచి ఎంత రావాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి, వారాంతానికి ఎంత మిగులుతుంది. కస్టమర్ చెప్పిన తేదీ కాకుండా, వాళ్లు ఇదివరకు నిజంగా ఇచ్చిన తీరును బట్టి తేదీలు వేస్తారు. పోయిన వారం అనుకున్నదీ జరిగిందీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఈ మధ్య మరో విచారణ వచ్చింది: నెలకు 40 లక్షలు, 60 రోజుల గడువు. ఆవిడ కొటేషన్ పంపకముందే పట్టిక వేసుకుని నాకు చూపించారు. ముందుగా పోయేది మూడు నెలలు 34 చొప్పున 102. 30 శాతం అడ్వాన్స్ అడిగితే నెలకు 12 ముందే వస్తుంది, గొయ్యి 66 అవుతుంది. అప్పుడు చేతిలో ఉన్న ఆసరా 41. అడ్వాన్స్‌కు అవతలివాళ్లు ఒప్పుకున్నారు. గొయ్యి 33 దాటకుండా ఉండాలని, మొదటి కొన్ని నెలలు నెలకు 20 లక్షల సరుకే ఇస్తామని చెప్పి సంతకం పెట్టారు.